ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్స తర్వాత దాంపత్యం: మొదటి రెండేళ్ల లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

మనం చదువుకున్న రోజుల్లో సైన్సు పుస్తకంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్లేవాళ్లు. ఇంటి దగ్గర మనం చదువుకున్నదీ లేదు, పెద్దవాళ్లు చెప్పిందీ లేదు. ఆ పాఠంలో మిగిలిపోయిన ఒక భాగాన్ని ఇవాళ చెప్పుకుందాం. ఈ హాల్లో ఉన్న మగవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడే వయసు అదే.

యూరాలజీ వైద్యుడిగా నా దగ్గరికి వరంగల్, హన్మకొండ, జనగామ, మహబూబాబాద్ వైపు నుంచి ఈ ఆపరేషన్ అయినవాళ్లు వస్తుంటారు. పీఎస్‌ఏ రిపోర్టు చూపించి "బాగుందా సారూ?" అని అడుగుతారు. బాగుందంటే సంతోషంగా లేస్తారు. భార్య తలుపు దాటి బయటికి వెళ్లాక ఒక్క నిమిషం ఆగి, గొంతు తగ్గించి "మరి అది..." అంటారు. ఆ సగం మాటకు జవాబే ఈ ప్రసంగం.

ముందు శరీరంలో ఏం జరుగుతుందో చూద్దాం. ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, ఉసిరికాయ అంత ఉంటుంది. అంగం గట్టిపడటానికి సంకేతం మోసుకెళ్లే నరాలు ఆ గ్రంథికి రెండు పక్కలా, కొంచెం వెనకగా, పొర మీద సాలెపోగుల్లా అతుక్కుని పోతాయి. 1980కి ముందు ఇవి సరిగ్గా ఎక్కడున్నాయో సర్జన్లకు తెలియదు. ఆపరేషన్ అయితే ఆ శక్తి పోయినట్టే అనుకునేవాళ్లు. 1981లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో పీటర్ డాంకర్ అనే పెద్ద వైద్యుడు, అమెరికా జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి నుంచి వచ్చిన పాట్రిక్ వాల్ష్ కలిసి, చనిపోయి పుట్టిన శిశువు దేహంలో ఆ నరాల దారిని వెతికి పట్టుకున్నారు. మరుసటి ఏడాది, 1982లో, వాల్ష్ ఆ నరాలను కాపాడుతూ ప్రోస్టేట్ తీసే ఆపరేషన్ చేశారు. ఇవాళ హైదరాబాద్‌లో రోబోతో చేస్తున్నా, చేతితో చేస్తున్నా, మూలం అదే.

అయితే "నరాలు కాపాడాం" అని సర్జన్ చెప్పిన మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నరాన్ని కోయలేదు, అంతే. గ్రంథిని దాని నుంచి విడదీసేటప్పుడు నరం సాగుతుంది, కొంత వేడి తగులుతుంది, చుట్టూ వాపు వస్తుంది. గంటసేపు మఠం వేసుకుని కూర్చుని లేస్తే కాలు తిమ్మిరెక్కుతుంది కదా. ఆ తిమ్మిరి పది నిమిషాల్లో పోతుంది. ఈ నరాల తిమ్మిరి పోవడానికి నెలలు పడుతుంది. కొందరిలో ఆరు నెలల నుంచి మొదలై, ఎక్కువమందిలో ఏడాదికీ రెండేళ్లకీ మధ్య, అరుదుగా ఆ తర్వాత కూడా మెరుగవుతూ ఉంటుంది. అందుకే రెండేళ్ల లెక్క అంటున్నాను. మూడో నెలలో ఏమీ లేదని "ఇక అయిపోయింది" అనుకోవడం, నాట్లు వేసిన వారానికే పొలానికి కొడవలి పట్టుకుపోవడం లాంటిది.

మరి రెండేళ్లు ఊరికే కూర్చోవచ్చా? ఇక్కడే రెండో సంగతి ఉంది. ఆరోగ్యవంతుడికి నిద్రలో రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు, తనకు తెలియకుండానే అంగం గట్టిపడుతుంది. దానివల్ల ఆ కండరానికి తాజా రక్తం, ఆక్సిజన్ అందుతాయి. ఆపరేషన్ తర్వాత నరాలు నిద్రపోతే ఈ రాత్రి వ్యాయామం కూడా ఆగిపోతుంది. అలా నెలలు గడిస్తే లోపలి మెత్తని కండరం స్థానంలో నారలాంటి కణజాలం పేరుకుంటుంది. అప్పుడు అంగం కొద్దిగా కురచబడుతుంది. వచ్చిన రక్తం లోపల నిలవకుండా జారిపోతుంది. ఏడాదిన్నరకు నరం లేచి కూర్చున్నా, పని చేయాల్సిన కండరం సిద్ధంగా ఉండదు. నరం కోలుకునేదాకా కండరాన్ని బతికించుకోవడానికి చేసే పనినే పురుషాంగ పునరావాస చికిత్స అంటారు. అది నరాన్ని త్వరగా నయం చేయదు. ఈ తేడా తెలిసినవాళ్లు మధ్యలో నిరాశపడి మానేయరు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చెప్తాను. ఇది ఒక్కరి కథ కాదు, నా దగ్గరికి వచ్చిన ముగ్గురు నలుగురి అనుభవాలు కలిపినది. కాబట్టి ఎవరా అని ఆలోచించకండి.

ఆయనకు 61 ఏళ్లు, ఉద్యోగ విరమణ చేశారు. భార్యకు 57. ఆయనకు షుగరు ఉంది కానీ అదుపులో ఉంది. ఆపరేషన్‌కు ముందే ఐదు ప్రశ్నల పత్రం నింపించాం. ప్రపంచమంతా వాడే పత్రమది, మొత్తం 25 మార్కులు. 22, ఆ పైన వస్తే ఇబ్బంది లేనట్టు. ఆయనకు 20 వచ్చాయి, అంటే స్వల్ప లోపం అప్పటికే ఉంది. ఈ మార్కులు ముందే రాసి పెట్టుకోవడం చాలా అవసరం. చికిత్స తర్వాత పోల్చుకోవాల్సింది ఇరవై ఐదేళ్ల నాటి యవ్వనంతో కాదు, ఆపరేషన్‌కు ముందు నెలతో. ముందు 20 ఉన్న మనిషికి తర్వాత 25 రావు.

ఆపరేషన్‌లో రెండు పక్కల నరాలూ కాపాడారు. మూత్రం గొట్టం తీశాక, డాక్టర్ సలహాతో టడలాఫిల్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజూ రాత్రి మొదలుపెట్టారు. ఈ మాత్ర గురించి నిజం చెప్పాలి. రోజూ వేసుకుంటే చివరికి మాత్ర లేకుండానే శక్తి తిరిగి వస్తుందా అని యూరప్‌లో, కెనడాలో పెద్ద పరీక్ష చేశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. తొమ్మిది నెలలు వేసుకుని మానేశాక, వేసుకున్నవాళ్లకూ వేసుకోనివాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. కురచబడటం మాత్రం కొద్దిగా తగ్గింది. కాబట్టి దీన్ని కండరానికి కాస్త కాపుగా మాత్రమే చూడాలి. ఖర్చు భారమైతే రోజూ వేసుకోకపోయినా కొంప మునగదు.

ఆరో వారంలో వాక్యూమ్ పంపు మొదలుపెట్టారు. ఇది ఒక ప్లాస్టిక్ గొట్టం, దానికి చేతి పంపు. గొట్టంలో అంగం ఉంచి గాలి లాగితే రక్తం వచ్చి నిండుతుంది. రోజుకు పది నిమిషాలు, మధ్య మధ్యలో గాలి వదిలి మళ్లీ లాగుతూ చేయాలి. దీనికి నరం అవసరం లేదు, మాత్ర అవసరం లేదు. వ్యాయామంగా వాడేటప్పుడు మొదట్లో రబ్బరు రింగు పెట్టరు. కలయిక కోసం వాడేటప్పుడు మాత్రం మొదట్లో రింగు పెట్టి రక్తం నిలుపుతారు. రింగు అరగంటకు మించి ఉంచకూడదు. ఇలా వచ్చిన గట్టిదనం కొంచెం చల్లగా, నీలంగా ఉంటుంది, మొదట్లో కీలు వదులైనట్టు ఊగుతుంది. ఇది ముందే చెప్పకపోతే మొదటి రోజే భయపడి పంపు అటక ఎక్కిస్తారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగాకే పంపు వాడాలి.

మూడో నెలలో సిల్డెనాఫిల్ 100 మిల్లీగ్రాములు ఇచ్చి చూశాం. కొంచెం నిండినట్టు అయింది, అంతకు మించి లేదు. ఆయన బాగా కుంగిపోయారు. కానీ ఇది ఆశ్చర్యపడాల్సింది కాదు. ఈ మాత్రలు తమంతట తాము పని చేయవు. నరం చివర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థం విడుదలైతే, దాని పనిని ఇవి పెంచుతాయి. నరమే నిద్రలో ఉంటే పెంచడానికి అక్కడ ఏమీ లేదు. మైకు పాడైతే స్పీకరు సౌండు ఎంత పెంచినా మాట వినపడదు. మూడో నెలలో విఫలమైన మాత్రే పద్నాలుగో నెలలో పని చేయవచ్చు. అందుకే ఒకసారి పనిచేయలేదని చీటీ చింపేయకుండా, మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ చూడమంటాను.

ఐదో నెలలో సూది మందు మొదలైంది. అంగం పక్క భాగంలో, షుగరు సూదిలాంటి సన్నని సూదితో ఇచ్చేది. ఆల్ప్రోస్టాడిల్ గానీ, పాపావరిన్ లాంటి మందుల మిశ్రమం గానీ వాడతారు. ఇది నరంతో సంబంధం లేకుండా నేరుగా రక్తనాళాలనే తెరుస్తుంది, అందుకే మాత్ర ఓడిపోయిన చోట ఇది గెలుస్తుంది. మొదటి మోతాదు ఎప్పుడూ దవాఖానలోనే, చిన్నదిగా ఇచ్చి, ఎంతసేపు ఉందో చూసి, తర్వాతే ఇంట్లో వేసుకోవడం నేర్పుతారు. రోజుకు ఒకసారికి మించకూడదు, వారానికి రెండు మూడుసార్లు చాలు. ఒకసారి కుడి పక్క, ఒకసారి ఎడమ పక్క. ఒక్క హెచ్చరిక మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి: గట్టిదనం నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే తెల్లారేదాకా ఆగకూడదు. సిగ్గుపడకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆలస్యమైతే ఏ కండరాన్ని కాపాడుకోవాలని ఇంత కష్టపడుతున్నామో అదే పాడవుతుంది.

ఈ సూదితో ఆ దంపతులు ఐదో నెలలోనే మళ్లీ దగ్గరయ్యారు. అప్పుడు బయటపడింది మరో సమస్య. ఆవిడకు ముట్లాగి ఏడేళ్లు అయింది, యోని పొడిబారి నొప్పిగా ఉంది. భర్త కష్టపడుతుంటే తన నొప్పి చెప్పడమెందుకని ఆవిడ ఊరుకున్నారు. ఆవిడ వెనక్కి జరగడం చూసి, తనంటే విముఖత వచ్చిందని ఆయన అనుకున్నారు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే పది నిమిషాల్లో తేలింది. గైనకాలజిస్టు ఇచ్చిన క్రీము, జారుడు జెల్లీతో నొప్పి తగ్గింది. అందుకే ఇప్పుడు భార్యను బయట కూర్చోబెట్టి వచ్చేవాళ్లను, "ఆమెను కూడా లోపలికి పిలవండి" అంటాను.

ఆ నెలల్లోనే ఇంకో రెండు సందేహాలు వచ్చాయి. ఒకటి, వీర్యం రావడం లేదని. వీర్యంలో ఎక్కువ భాగాన్ని తయారుచేసేవి ప్రోస్టేట్, దాని వెనక ఉండే వీర్యకోశాలు. అవి రెండూ తీసేశారు, వీర్యకణాలు వచ్చే గొట్టాలు కట్టేశారు. కాబట్టి ఇక ఎప్పటికీ రాదు. కానీ స్పర్శ, భావప్రాప్తి వేరే నరం ద్వారా నడుస్తాయి. అంగం గట్టిపడకపోయినా భావప్రాప్తి కలుగుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. రెండోది, ఆ క్షణంలో కొద్దిగా మూత్రం జారడం. ముందే మూత్రానికి వెళ్లి రావడం, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజూ చేయడం వల్ల ఇది చాలామందికి కాలక్రమంలో తగ్గుతుంది.

పదో నెలలో ఒక తెల్లవారుజామున ఆయనకు కొంచెం నిండుదనం తెలిసింది. నరం లేస్తోందనడానికి అది మొదటి గుర్తు. పద్నాలుగో నెలలో సిల్డెనాఫిల్‌తో రెండుసార్లకు ఒకసారి ఫలించింది. అప్పుడు మాత్ర వేసుకునే పద్ధతి కూడా సరిదిద్దాం. ఆయన భోజనం చేసిన వెంటనే వేసుకుంటున్నారు. నూనె, మాంసం ఉన్న భోజనం మీద సిల్డెనాఫిల్ ఆలస్యంగా, తక్కువగా పని చేస్తుంది. ఖాళీ కడుపున, గంట ముందు వేసుకోవాలి. వేసుకుని టీవీ చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు, ప్రేమగా దగ్గరవ్వాలి. రెండేళ్లు నిండేసరికి మాత్రతో పదింట ఆరేడుసార్లు కలయిక కుదురుతోంది. మార్కులు 17. మాత్ర లేకుండా మాత్రం చాలదు. సూది అవసరం తీరిపోయింది. ఇది మంచి ఫలితం, అందరికీ ఇంత రాదు.

ఎంతమందికి వస్తుంది అని అడుగుతారు. బ్రిటన్‌లో ప్రోటెక్ట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 1,643 మంది రోగులను ఆపరేషన్, రేడియేషన్, చికిత్స లేకుండా గమనిస్తూ ఉండటం అనే మూడు గుంపులుగా చేశారు. మొదట్లో నూటికి 67 మందికి కలయికకు చాలినంత శక్తి ఉంది. ఆరు నెలలకు ఆపరేషన్ గుంపులో అది 12కు, రేడియేషన్ గుంపులో 22కు పడిపోయింది. ఆరేళ్లకు ఆపరేషన్ గుంపులో 17, రేడియేషన్ గుంపులో 27, గమనిస్తూ ఉన్నవాళ్లలో 30. ఆ చివరి అంకెను గమనించండి. మొదట్లో ఏ చికిత్సా మొదలుపెట్టని గుంపులోనూ సగానికి పైగా తగ్గింది. వాళ్లలో కొందరు తర్వాత చికిత్సకు మారారు, మిగతాది చాలావరకు వయసు చేసిన పని. వయసు తక్కువై, ముందు మార్కులు బాగుండి, రెండు పక్కల నరాలూ మిగిలి, షుగరు, పొగ లేనివాళ్లకు ఈ సగటు కంటే మెరుగ్గా ఉంటుంది. నరాల దగ్గరికి క్యాన్సర్ పాకితే వాటిని తీసేయక తప్పదు. అలాంటివాళ్లకు మాత్రలు పనిచేసే అవకాశం చాలా తక్కువ. వాళ్లు రెండేళ్లు మాత్రలతో గడపకుండా, మొదటి నుంచే పంపు, సూది దారిలో వెళ్లడం మంచిది.

రేడియేషన్ తీసుకున్నవాళ్ల లెక్క తిరగబడి ఉంటుంది. ఆపరేషన్‌లో మొదటి రోజే పడిపోయి, మెల్లగా లేస్తుంది. రేడియేషన్‌లో మొదట బాగానే ఉండి, రక్తనాళాలు మెల్లగా గట్టిబారుతూ రెండు మూడేళ్లలో తగ్గుతుంది. "నాకేం కాలేదు" అని ఆరో నెలలో అన్నవాళ్లు రెండో ఏట వస్తారు. ఇక్కడ నరం ఒక్కసారిగా దెబ్బతినదు కాబట్టి మాత్రలు మొదట్లో బాగా పనిచేస్తాయి. అవసరమైనప్పుడు వేసుకుంటే చాలు. రేడియేషన్ సమయంలో రోజూ టడలాఫిల్ వేసుకోవడం తర్వాతి శక్తిని కాపాడదని అమెరికాలో చేసిన పరీక్షలో తేలింది. రేడియేషన్‌తో పాటు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తే మరో సంగతి తోడవుతుంది. అవి టెస్టోస్టిరాన్‌ను ఆపేస్తాయి, కోరికే ఉండదు. దాన్ని మనసు మారడమని భార్యలు బాధపడతారు. అది మందు పని. చివరి ఇంజెక్షన్ ప్రభావం తీరాక హార్మోన్ తిరిగి రావడానికి నెలలు పడుతుంది, పెద్ద వయసువాళ్లకు ఏడాది దాటవచ్చు, కొందరికి పూర్తిగా రాదు.

ప్రమాదాల గురించి మూడు మాటలు. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్లు, నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్, టడలాఫిల్ ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది. మాత్ర వేసుకున్న రోజున ఛాతీలో నొప్పి వస్తే ఆ మాట డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. రెండోది, అంగం గట్టిపడినప్పుడు కొత్తగా వంకర, నొప్పి, లోపల గడ్డలా తగిలితే మూడు నెలలు ఆగకుండా చూపించాలి. మూడోది, బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్క గోడల మీద కనిపించే లాడ్జి వైద్యుల పొడులు, లేహ్యాలు. ఇలాంటి వాటిలో పేరు చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినవి దొరుకుతుంటాయి. నైట్రేట్ వాడే మనిషికి అది విషమే. శక్తి కోసమని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తామంటే, క్యాన్సర్‌కు చికిత్స చేసిన డాక్టర్‌ను అడగకుండా తీసుకోవద్దు.

రెండేళ్లు అన్నీ చేసినా ఫలితం లేకపోతే అప్పుడు అంగంలో అమర్చే ఇంప్లాంట్ గురించి ఆలోచించవచ్చు. వంచి సరిచేసుకునే కడ్డీల రకం ఒకటి, పంపుతో నింపుకునే రకం ఒకటి. మొదటిది చవక, మన దేశంలో తయారైనదీ దొరుకుతుంది. రెండోది చాలా ఖరీదు. ఒకసారి అమర్చితే సహజ కండరం తిరిగి పనిచేయదు, అందుకే తొందరపడకూడదు. అందరికీ ఇది కావాలనీ లేదు. కొన్ని జంటలు పంపుతో తృప్తిపడతాయి, కొన్ని జంటలు కలయిక లేకుండానే పక్కపక్కన పడుకుని, ముట్టుకుని, మాట్లాడుకుని సుఖంగా ఉంటాయి. ఆ నిర్ణయం ఇద్దరిదీ కావాలి. ఒకరు నోరు మూసుకుంటే మరొకరు ఊహించి తీసుకున్నది కాకూడదు.

ఆపరేషన్‌కు గానీ రేడియేషన్‌కు గానీ వెళ్లబోయేవాళ్లు ఉంటే, సర్జన్‌ను ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. నా మార్కులు ఇప్పుడెన్ని? నాకు ఎన్ని నరాలు కాపాడగలరు? గొట్టం తీశాక ఏ వారంలో ఏం మొదలుపెట్టాలి? మాత్ర పనిచేయకపోతే తర్వాతి మెట్టు ఎవరు చూపిస్తారు? భార్యను వెంట తీసుకెళ్లి, ఆమె ముందే అడగండి.

ఇక్కడ చేతులెత్తి అడగడానికి మొహమాటంగా ఉన్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలవండి. వదినలకు కూడా ఇదే మాట.